నాలుగు నెలల పాపకు తేనె నాకించాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు నాలుగు నెలలు నిండాయి. నా పాలే తాగుతోంది. పది రోజులుగా దగ్గు, ముక్కు కారడం. మా అత్తగారు తులసి రసంలో రెండు చుక్కలు తేనె కలిపి నాలుగు రోజులు నాకించారు. సాయంత్రం ఏడుపు ఎత్తుకుంటే గ్రైప్‌వాటర్ పడతాం. ఆదివారం తలంటి పోశాక వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తారు. నిన్న అమెరికా నుంచి మా చెల్లి ఫోన్ చేసి, ఏడాది లోపు తేనె పిల్లలకు విషమంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అత్తగారేమో "మీ ఆయన్ని ఇవే పట్టి పెంచాను, బతకలేదా?" అంటున్నారు. ఇప్పటికే తేనె కడుపులోకి వెళ్ళిపోయింది కదా, ఏం చేయాలి? వీటిలో ఏది ఆపాలి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: అమ్మా, ముందు పాప సంగతి చూద్దాం, అత్తగారి మాట తర్వాత. తేనె ఇవాళ్టి నుంచే ఆపేయండి. లోపలికి వెళ్ళినదాన్ని కక్కించాలని చూడకండి. విరేచనమైతే పోతుందని ఆముదం పట్టకండి. విరుగుడు పేరుతో ఎవరు ఏది చెప్పినా ఇవ్వకండి. తేనె నాకిన పసిపిల్లల్లో చాలా ఎక్కువమందికి ఏమీ కాదు, మీ పాపకూ ఏమీ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. కాకపోతే తేనె వల్ల అరుదుగా వచ్చే జబ్బు ఒకటుంది, అది వచ్చేదుంటే తేనె నాకిన రోజే రాదు. మూడు రోజుల నుంచి నెల రోజుల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. అందుకని ఆఖరిసారి తేనె ఇచ్చిన తేదీని గోడ మీది క్యాలెండర్‌లో సున్నా చుట్టి, అక్కడి నుంచి 30 రోజులు పాపను కనిపెట్టి ఉండండి. ఏం కనిపెట్టాలో చెబుతాను, దానికి ముందు అసలు లోపల జరిగేదేమిటో తెలిస్తే మీకే సులువు.

మీ చెల్లెలు చెప్పింది నిజమే, "విషం" అన్న మాట ఒక్కటే సరికాదు. తేనెలో విషం ఉండదు. మట్టిలో, దుమ్ములో బతికే క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే సూక్ష్మజీవి తాలూకు బీజకణాలు కొన్ని తేనెల్లో ఉంటాయి. ఇవి ఎండిన విత్తనాల లాంటివి, అనువైన చోటు దొరికేదాకా మొలకెత్తవు. తేనెలో నీటి శాతం బాగా తక్కువ కాబట్టి అక్కడ అవి పెరగలేవు, అలాగని చావవు కూడా. పెద్దవాళ్ళ పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులు కిక్కిరిసి ఉండటంతో వీటికి చోటు దొరకదు, వచ్చినవి వచ్చినట్టే మలంలో పోతాయి. పసిపిల్లల పేగుల్లో ఆ కాపలా ఇంకా కుదురుకోదు. అక్కడ బీజకణాలు మొలకెత్తి, పెరిగి, అప్పుడు విషం తయారు చేస్తాయి. ఆ విషం రక్తంలో కలిసి, నరం నుంచి కండరానికి అందాల్సిన సంకేతాన్ని అడ్డుకుంటుంది. సంకేతం అందని కండరం వాలిపోతుంది. దీన్నే శిశు బొటులిజం అంటారు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదటిసారి దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆరు నెలల లోపు పిల్లలే. పేగుల్లో ఆ కాపలా గట్టిపడటానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టే ఆ వయసు గీత పెట్టారు.

ఇక్కడ మా దగ్గరికి వచ్చే తల్లులు రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. మొదటిది, "మాది అసలైన తేనె, పట్టు పిండించి తెచ్చింది, అయినా ఇవ్వకూడదా?" అని. కల్తీకి, దీనికి సంబంధం లేదు. తేనెటీగ వాలే పువ్వు మీద దుమ్ము పడుతుంది, ఆ దుమ్ములోదే బీజకణం. అడవి తేనె అయినా, సీల్ వేసిన కంపెనీ సీసా అయినా ఒకటే. రెండోది, "వేడి నీళ్ళలో కలిపి, మరగబెట్టి ఇస్తే?" అని. నీళ్ళు మరిగే 100 డిగ్రీల వేడికి ఈ బీజకణాలు చావవు. ఆవిరిని ఒత్తిడిలో పెట్టి 121 డిగ్రీల దాకా తీసుకెళ్ళాలి, ఆస్పత్రిలో ఆపరేషన్ సామాన్లను శుద్ధి చేసినట్టు. ఇంటి పొయ్యి మీద తేనెను అలా చేయలేం. రెండు చుక్కలే కదా అనడానికీ లేదు. ఇంత వరకు ఇస్తే భయం లేదు అనే కొలత ఎవరూ తేల్చలేదు. 2018లో టెక్సాస్‌లో నలుగురు పసిపిల్లలకు ఈ జబ్బు వచ్చింది. నలుగురూ తేనె నింపిన పాలపీకలు చీకినవాళ్ళే. మన ఇళ్ళల్లోనూ పాలపీకను తేనెలో ముంచి నోట్లో పెట్టే అలవాటుంది, పుట్టగానే నాలుకకు తేనె తాకించే ఆచారమూ ఉంది. దారి ఏదైనా నోట్లోకి వెళ్ళేది తేనే.

నిజాయతీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ జబ్బు వచ్చిన పిల్లలందరూ తేనె తిన్నవాళ్ళు కాదు. ఎక్కువమందిలో బీజకణం ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు, గాలిలోని దుమ్ము నుంచే వచ్చి ఉంటుందని అనుకుంటారు. దుమ్మును మనం ఆపలేం. తేనెను ఆపగలం, ఆపినందువల్ల పాపకు పోయేదేమీ లేదు.

ఇక కనిపెట్టాల్సినవి. మొదట కనిపించేది సాధారణంగా మలబద్ధకం. అయితే నాలుగు నెలల పాప, అందులోనూ తల్లిపాలే తాగే పాప, నాలుగైదు రోజులు దొడ్డికి వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా అయితే, పాలు బాగా తాగుతూ ఆడుకుంటూ ఉంటే అది మామూలే. కాబట్టి ఆ ఒక్కదానికీ బెదిరిపోకండి. దానికి తోడు బలం తగ్గడం మొదలైందా అన్నది చూడాలి. అది పై నుంచి కిందికి దిగుతుంది: ముందు కళ్ళు, ముఖం, నోరు, తర్వాత మెడ, ఆ తర్వాత కాళ్ళూ చేతులూ, చివరికి ఊపిరి తీసే కండరాలు.

దాన్ని ఒక నాలుగు నెలల బిడ్డలో ఊహించండి. రోజూ పది నిమిషాల్లో గబగబా తాగేసే బిడ్డ రొమ్ము పట్టుకుంటుంది కానీ లాగలేక ఆగిపోతుంది. పెదవి మూల నుంచి పాలు కారిపోతాయి. లాలాజలం మింగలేక నోట్లో నిలిచి, గొంతులో గురగుర వినిపిస్తుంది. దాన్ని ఇంట్లో వాళ్ళు "కఫం పట్టింది" అనుకుంటారు. మీ పాపకు ఇప్పటికే దగ్గు ఉంది కాబట్టి మీరు పొరబడే చోటు ఇదే. మర్నాటికి ఏడుపు సన్నబడుతుంది, పక్క గదిలోకి వినిపించదు. కనురెప్పలు సగం వాలి ఉంటాయి, నిద్ర మత్తేమో అనిపిస్తుంది. పలకరిస్తే బోసినవ్వు నవ్వే బిడ్డ ముఖంలో ఏ కదలికా ఉండదు. ఎత్తుకుంటే మెడ నిలవదు, నిన్నటిదాకా నిలబెట్టిన తల వెనక్కి పడిపోతుంది. చేతుల్లో బిడ్డ గుడ్డలా వేలాడుతుంది. ఇంత జరుగుతున్నా ఒళ్ళు వెచ్చబడదు. జ్వరం లేదు కదా అని ఇళ్ళల్లో ఆలస్యం చేసేది అందుకే.

వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. మీకు గుంటూరు దగ్గరే. దారిలో పాలు పట్టకండి, మింగలేని బిడ్డకు పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. డాక్టరుకు మొదటి మాటగానే "ఫలానా తేదీ దాకా తేనె ఇచ్చాం, ఇప్పుడు పాలు లాగలేకపోతోంది" అని చెప్పండి. ఆ మాట ఎందుకంత ముఖ్యమంటే, పాలు తాగకుండా నీరసంగా వాలిపోయిన పసిబిడ్డను చూడగానే ఏ డాక్టరైనా ముందు రక్తంలో ఇన్ఫెక్షన్‌నే అనుమానిస్తారు, అనుమానించాలి కూడా. దానికి మామూలుగా వాడే యాంటీబయాటిక్స్‌లో జెంటామైసిన్, అమికాసిన్ రకం మందులు బొటులిజంలో కండరాల నీరసాన్ని ఇంకా పెంచుతాయి. తేనె సంగతి తెలిస్తే ఆయన వేరే మందు ఎంచుకుంటారు. మలంలో విషాన్ని కనిపెట్టే పరీక్ష ప్రతిచోటా ఉండదు, ఈ జబ్బుకు ప్రత్యేకంగా తయారు చేసిన విరుగుడు ఇంజెక్షన్ 2003 నుంచి అమెరికాలో ఉన్నా మనకు తేలిగ్గా దొరకదు. అయినా శ్వాసకు వెంటిలేటర్ ఆసరా, ముక్కు గొట్టం ద్వారా పాలు సకాలంలో అందితే దాదాపు పిల్లలందరూ పూర్తిగా కోలుకుంటారు. దానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఒక ఉగ్గుగిన్నె తేనె కోసం ఏ తల్లీ ఒప్పుకోలేని బేరం అది.

అత్తగారి ప్రశ్నకూ జవాబు ఇందులోనే ఉంది. ఆవిడ పెంచిన బిడ్డ బతికాడు, నిజమే. ఈ జబ్బు అరుదు కాబట్టి తేనె నాకిన పిల్లల్లో ఎక్కువమంది బతికారు. రానివాళ్ళు మన కళ్ళ ముందు తిరుగుతుంటారు. వచ్చినవాళ్ళను మాత్రం ఆ రోజుల్లో ఎవరూ ఈ పేరుతో గుర్తించలేదు. పాలు మానేసి, నీరసించి, రెండు రోజుల్లో పోయిన బిడ్డకు దిష్టి తగిలిందన్నారో, బాలగ్రహం అన్నారో. ఆవిడకు ఈ సంగతి చెప్పేటప్పుడు "మీరు విషం పెట్టారు" అన్న ధోరణి రానివ్వకండి. ఇంకో నిజం కూడా కలిపి చెప్పండి: ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గు ఎక్కువగా ఉంటే పడుకోబోయే ముందు అరచెంచా తేనె ఇవ్వమని మేమే చెబుతాం. దగ్గు కాస్త తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. ఆవిడ చేతి మందు ఎనిమిది నెలల తర్వాత పాపకు పనికొస్తుంది.

మరి ఇప్పటి దగ్గుకు? పసిపిల్లల జలుబు, దగ్గు రెండు వారాల దాకా ఉండటం మామూలే, దాన్ని త్వరగా తగ్గించే మందంటూ లేదు. తులసి రసంతో తగ్గుతుందని ఈ వయసు పిల్లల్లో రుజువు లేదు, పైగా పచ్చి ఆకు, కలిపిన నీళ్ళు, పిండిన చేయి, ఇవన్నీ పాలు తప్ప మరేమీ ఎరగని కడుపులోకి పోతాయి. మెడికల్ షాపులో దగ్గు సిరప్ అడగడం ఇంకా పెద్ద పొరపాటు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయాక, రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. కల్తీ లేకపోయినా ఆ వయసులో వాటి వల్ల లాభం లేదు. కర్పూరం కలిపిన కొబ్బరి నూనె ఛాతీకి రాయడం, ఘాటు బామ్ ముక్కు దగ్గర పెట్టడం కూడా వద్దు. కర్పూరం చర్మం నుంచీ లోపలికి పోతుంది, పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు.

పనికొచ్చేది చెబుతాను. మెడికల్ షాపులో సెలైన్ ముక్కు చుక్కలని అడగండి, ఉప్పు నీళ్ళే, మందేమీ కలవనివి. పాలిచ్చే ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి, మెత్తటి గుడ్డ అంచుతో బయటికి వచ్చింది తుడవండి. ముక్కు దిబ్బడ తగ్గితే పాలు తాగగలుగుతుంది, సగం ఏడుపు అక్కడే పోతుంది. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెం ఎక్కువసార్లు ఇవ్వండి. రోజుకు రెండుసార్లు పాప నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిమిషం ముల్లు పూర్తిగా తిరిగేదాకా లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే కుదరదు, పసిపిల్లల ఊపిరి ఒక లయలో ఉండదు. మీ పాప వయసుకు నిమిషానికి 50 గానీ అంతకు మించి గానీ వస్తే న్యుమోనియా అని అనుమానించి అదే రోజు చూపించాలి. రెండు నెలల లోపు పిల్లలకైతే ఆ లెక్క 60. లెక్క తక్కువే ఉన్నా, పక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా, పెదవులు నీలంగా మారినా లెక్కతో పని లేదు, వెంటనే బయల్దేరండి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి, కోరింత దగ్గును ఆపేది అవే. ఆగకుండా దగ్గి దగ్గి ఎర్రబడి, ఆఖరున వాంతి చేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు ప్రత్యేకంగా చెప్పండి. ఎలాగూ పది రోజులు దాటింది కాబట్టి ఈ వారంలో ఒకసారి డాక్టరుకు ఛాతీ చూపించండి.

గ్రైప్‌వాటర్ కథ వేరు. 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల తయారీదారు దీన్ని మొదలుపెట్టాడు. పాత సూత్రంలో సోయికూర గింజల నూనె, వంట సోడా, చక్కెర, నీళ్ళతో పాటు ఆల్కహాలు కూడా ఉండేది. పడితే బిడ్డ హాయిగా పడుకుంటాడని మూడు తరాల అమ్మమ్మలు చెప్పింది అబద్ధమేమీ కాదు, కారణం మాత్రం అదీ. 1990ల మొదట్లో బ్రిటన్‌లో ఆల్కహాలు తీసేయించారు. ఇప్పుడు మన దగ్గర దొరికే సీసాల్లో సాధారణంగా ఆల్కహాలు ఉండదు, కానీ ఒక కంపెనీది ఒక కంపెనీకి పోలిక ఉండదు. మీ ఇంట్లోని సీసా తెచ్చి లేబుల్ చదవండి. చక్కెర గానీ సార్బిటాల్ గానీ ఉంటుంది, వంట సోడా ఉంటుంది, సోయికూర నూనె ఉంటుంది, చెడిపోకుండా కలిపిన రసాయనాలు ఉంటాయి. కొన్నిట్లో తేనె కూడా ఉండొచ్చు, అది తప్పకుండా వెతకండి.

తీపి నాలుకకు తగలగానే పసిబిడ్డ కొద్ది నిమిషాలు ఏడుపు ఆపుతుంది. ఇది నిజంగా జరిగేదే, టీకా వేసేటప్పుడు చక్కెర నీళ్ళ చుక్క వేసే పద్ధతి దీని మీద ఆధారపడిందే. గ్రైప్‌వాటర్‌కు వచ్చిన గొప్ప పేరుకు ఒక కారణం ఈ నిమిషాలే. రెండోది ఇంకా పెద్దది: సాయంత్రపు ఏడుపు దానంతట అదే వచ్చి అదే పోతుంది. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలై, ఆరో వారంలో పతాక స్థాయికి వెళ్ళి, మూడు నాలుగు నెలలకు సద్దుమణుగుతుంది. ఆరో వారంలో ఇల్లంతా తల్లడిల్లి ఏదో ఒకటి మొదలుపెడతారు, తర్వాత ప్రతి వారమూ ఏడుపు తగ్గుతూ వస్తుంది, పేరు సీసాకు వస్తుంది. ఏమీ పట్టకపోయినా తగ్గేదే. గ్రైప్‌వాటర్ పనిచేస్తుందని చెప్పడానికి గట్టి పరిశోధన లేదు.

నష్టమేమిటంటారా? అప్పుడప్పుడు ఒక చెంచా పడితే పెద్ద ప్రమాదం జరుగుతుందని నేననను. రోజుకు నాలుగైదుసార్లు పడితే ఆ చెంచాల మేరకు పాలు తగ్గుతాయి, సోడా ఎక్కువై రక్తంలోని ఆమ్ల క్షార సమతూకం చెదరొచ్చు. తీపి అలవాటవుతుంది. మూత తీసిన సీసా నెలల తరబడి అలమరలో ఉంటుంది, అదే చెంచా మళ్ళీ మళ్ళీ వాడతారు. 2007లో అమెరికాలో ఒక కంపెనీ గ్రైప్‌వాటర్‌లో విరేచనాలు కలిగించే పరాన్నజీవి దొరికి, సీసాలు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. నా అసలు అభ్యంతరం వీటన్నిటి కంటే వేరే దాని మీద. ఏడుపుకు ఒక మందు చేతిలో ఉంటే, ఎందుకు ఏడుస్తోందని చూడటం వాయిదా పడుతుంది.

మీ పాపకు నాలుగు నెలలు నిండాయి. మామూలు సాయంత్రపు ఏడుపు ఇప్పటికి తగ్గుముఖం పట్టాలి. రెండో నెల నుంచీ ఉన్నదే తగ్గుతూ వస్తుంటే సరే. ఈ మధ్యే కొత్తగా మొదలైతే గ్రైప్‌వాటర్ జోలికి పోకుండా బట్టలన్నీ విప్పి తల నుంచి కాలి దాకా చూడండి. ఒక్కో కాలి వేలూ విడదీసి చూడండి. బాలింతకు ఈ నెలల్లో జుట్టు బాగా రాలుతుంది, ఒక్క వెంట్రుక సాక్సులోనో చేతి తొడుగులోనో చిక్కుకుని బిడ్డ వేలికి బిగుసుకుంటే వేలు ఎర్రగా వాచి, బిడ్డ గంటల తరబడి ఏడుస్తుంది. గజ్జల్లో గడ్డలా ఉబ్బిందేమో చూడండి. ఉండి ఉండి కాళ్ళు కడుపులోకి ముడుచుకుని కీచుమని ఏడ్చి, మధ్యలో పాలిపోయి వడలిపోతుంటే, ఆకుపచ్చ రంగు వాంతి అయితే, మలంలో జిగురుతో రక్తం కనిపిస్తే పేగులో పేగు దూరి ఉండొచ్చు. నాలుగైదు నెలల నుంచి ఏడాది లోపు పిల్లల్లో ఇది వస్తుంది, మొదటి గంటల్లో వస్తే చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే సరిచేస్తారు. "ముందు గ్రైప్‌వాటర్ పట్టి చూద్దాం, తగ్గకపోతే పొద్దున వెళ్దాం" అనుకున్న ఇళ్ళల్లోనే పేగు కుళ్ళేదాకా వస్తుంది.

ఇవేవీ లేకపోతే, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నిమరండి, దీపాలు తగ్గించండి, ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని నడవండి. మీకు విసుగు తలకెక్కితే పాపను మంచం మధ్యలో కాక ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు ఇంకొకరికి అప్పగించి బయటికి రండి. ఏడుపు ఆపడానికి బిడ్డను గట్టిగా ఊపేయడం ఎప్పుడూ చేయకూడదు, మెదడులో రక్తనాళాలు తెగుతాయి.

వస కొమ్ము విషయంలో నేను అత్తగారికి సగం మాత్రం సర్దుకుంటాను. తలంటి, నూనె మర్దన, ఎండ పొడ హాయిగా కొనసాగించండి. ముక్కులో, చెవిలో నూనె వేయడం మాత్రం వద్దు, ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోతుంది. దగ్గుతున్న పాపకు సాంబ్రాణి పొగ కూడా మానండి. వస నోటికి వద్దు. ఆముదంలో కాల్చి సాన మీద అరగదీసే వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకల్లో క్యాన్సర్ గడ్డలు వచ్చాయని 1968లోనే అమెరికాలో ఆహారంలో వసను నిషేధించారు. ఆదివారానికోసారి రాసే చారికకు క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నా ఇబ్బంది కొలత గురించి. సాన మీద నాలుగు తిప్పులు తిప్పితే ఎంత, పది తిప్పితే ఎంత అన్నది ఎవరికీ తెలియదు, కొమ్ము కొమ్ముకూ మారుతుంది. వస, జాజికాయ లాంటివి ఎక్కువైతే పిల్లలకు వాంతులు, మగత వస్తాయి. "మందు పట్టాక కుదురుగా పడుకుంది" అంటే ఒక్కోసారి అర్థం ఆ మగతే. పైన చెప్పిన లక్షణాల్లో మగత కూడా ఉంది కదా, ఈ 30 రోజుల్లో ఏది దేనివల్లో తేల్చుకోలేని పరిస్థితి మీకు అసలు వద్దు. పైగా ఆ సాన మీదే అంతకుముందు గంధమో, కరక్కాయో, పెద్దవాళ్ళ నాటు మందో అరగదీసి ఉంటారు.

ఛాతీ చూపించడానికి వెళ్ళే రోజు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. గ్రైప్‌వాటర్ సీసా, తేనె సీసా, వస కొమ్ము సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి. మీరు చెబితే కోడలి మాట అవుతుంది, ఆవిడ నేరుగా అడిగి వింటే వేరు. నిమిషానికి ఊపిరి లెక్కపెట్టే పని కూడా ఆవిడకే అప్పగించమని డాక్టరుతో చెప్పించండి, పిల్లల్ని కనిపెట్టి చూడటంలో ఆవిడకున్న ఓపిక మీకు ఇంకా రాలేదు. ఇంకో రెండు నెలల్లో అన్నప్రాశన వస్తుంది. ఆ రోజు పళ్ళెంలో తేనె గిన్నె పెట్టకుండా, పరమాన్నం మెతుకు ఒకటి పాప నాలుకకు తాకిస్తే సరిపోతుందని ఇప్పుడే మాట అనుకోండి. ముహూర్తం రోజు, పది మంది చుట్టాల మధ్య ఆ వాదన పెట్టుకోవడం కష్టం.